గోడమీద మడమ గీతలు

ఆళ్ళగడ్డలో మా ఇంటి ముందుగదికి బేతంచెర్ల బండలు పరిచి ఉండేవి. ఎండాకాలం వాటిమీద పడుకుంటే వీపు చల్లబడేది. ఆ బండల మీదే మా చెల్లెలు వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక్కొక్క కాలు పైకెత్తేది. మడమ ఎంత ఎత్తుకు వచ్చిందో నేను పెన్సిలుతో పక్క గోడమీద గీత గీసేవాణ్ణి. మంచి కాలికి ఒక గీత, దెబ్బ తిన్న కాలికి ఒక గీత. ఎనభైల మొదట్లో ఒక చలికాలం మా ఇల్లంతా ఆ రెండు గీతల మధ్య ఉన్న దూరం చుట్టూ తిరిగింది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నంద్యాలలో ఒక కాలేజీ గ్రౌండులో మార్కరుగా పనిచేసేవాణ్ణి. ట్రాకుకు సున్నంతో గీతలు వేయడం, బంతులకు గాలి కొట్టడం, జంప్ గుంతలో ఇసుక తిరగదోడడం నా పని. సాయంత్రం గ్రౌండు ఖాళీ అయ్యాక శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. తెలుగు పుస్తకాలు అయిపోయాయని నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. పేజీకి ఒక గంట పట్టేది. ఆటల్లో తగిలే దెబ్బల గురించి ఒక లావు పుస్తకం ఉండేది. దాన్ని నేను ఎన్నిసార్లు తెచ్చుకున్నానో, దాని వెనక అంటించిన కాగితం మీద తేదీలన్నీ నావే. "ఇది నువ్వు తప్ప ఎవురూ తీస్కపోరప్పా, నీ ఇంట్లోనే పెట్టుకో పో" అని లైబ్రేరియన్ నవ్వేవాడు. ఆ మాట నాకు బిరుదులా ఉండేది.

చెల్లెలు అదే కాలేజీలో చదివేది, హాస్టల్లో ఉండేది. రెండు వందల మీటర్లు పరుగెత్తేది. వంపు తిరిగి సూటి దారిలోకి వచ్చేటప్పుడు ఆమె పాదాలు నేలకు ఆనుతున్నాయా లేదా అనిపించేది. నేను వేసిన సున్నం గీతను ఆమె ఎప్పుడూ తొక్కేది కాదు. ఒక ప్రభుత్వ శాఖ ఆటల కోటాలో ఉద్యోగాలు ఇస్తోందనీ, ఎంపిక పోటీలు సంక్రాంతి దాటాక జరుగుతాయనీ మా డ్రిల్లు సారు కబురు తెచ్చాడు. వయసు లెక్కన ఆమెకు అదొక్కటే అవకాశం. మరుసటి ఏడాదికి దాటిపోతుంది. మా నాయన చర్చి పొలం గుత్తకు చేసేవాడు, అమ్మ కూలికి పోయేది. ఆ ఉద్యోగం వస్తే ఇంట్లో నెల జీతం తెచ్చే మొదటి మనిషి ఆమే అయ్యేది.

పోటీలకు ఆరు వారాల ముందు, ఒక ఉదయం ప్రాక్టీసులో, వంపు దాటి వేగం అందుకుంటూ ఉండగా ఆమె కుడి చేయి తొడ వెనక్కి పోయింది. రెండంగలు కుంటి, కింద పడింది. నేను సున్నం డబ్బా వదిలేసి పరుగెత్తాను.

"అన్నా, ఏదో టప్పుమనింది," అంది. మొహం తెల్లగా పాలిపోయింది. "ఎవరో ఎనక నించి రాయితో కొట్టినట్టు అనిపించింది. ఎవరన్నా కొట్టినారా?"

వెనక ఎవరూ లేరు.

సారు ఆమెను రిక్షా ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడి ఎముకల డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. ఆమెను బోర్లా పడుకోబెట్టి తొడ వెనక పైనుంచి కిందికి వేళ్ళతో నిదానంగా నొక్కుకుంటూ పోయాడు. మడమను పట్టుకుని, "నా చేతిని తోస్తూ మోకాలు మడువు" అన్నాడు. మడిచింది గానీ సగంలోనే ఆగి పళ్ళు బిగబట్టింది.

"రెండో డిగ్రీ" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "అంటే కండరంలో కొన్ని పోగులు తెగినాయి, పూర్తిగా తెగలేదు అని కదా సార్?" అన్నాను.

డాక్టరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా చేతులకు సున్నం ఉంది. "ఎవరయ్యా నువ్వు?"

"అన్నను సార్. గ్రౌండు మార్కరును. లైబ్రరీలో చదివినా."

ఆయనకు కోపం రాలేదు. ఆ తర్వాత చెప్పిందంతా నాకే చెప్పాడు. మొదటి డిగ్రీ అయితే నాలుగు పోగులు సాగి తెగుతాయి, బిగుతుగా ఉంటుంది, మనిషి నడుస్తాడు, వారం పది రోజులు, మహా అయితే మూడు వారాల్లో లేస్తాడు. రెండోదైతే పోగులు చాలా తెగుతాయి, బలం తగ్గుతుంది, కుంటుతారు, రెండు మూడు రోజులకు కమిలిన రంగు కిందికి దిగుతుంది. మూడోది కండరం మొత్తం తెగడం. అప్పుడు వేలు పెడితే గుంత తగులుతుంది, మడమ ఎత్తబోతే కండ ఒక పక్కకు ఉండలా చేరుతుంది. "ఈమెకు గుంత లేదు. అదొకటే మేలు" అన్నాడు.

"ఆరు వారాల్లో పరుగెత్తొచ్చా సార్?"

"వారాలు నన్ను అడగొద్దు. కాలును అడుగు. నొక్కితే నొప్పి ఉండకూడదు. రెండు కాళ్ళూ సమానంగా లేవాలి. బలం సమానంగా ఉండాలి. మెల్లగా, సగం వేగం, ముప్పావు, పూర్తి వేగం, ఒకదాని తర్వాత ఒకటి, నొప్పి లేకుండా పరుగెత్తాలి. వంపులో గూడా. మరుసటి రోజు లేచినాక గూడా నొప్పి ఉండకూడదు. ఇవన్నీ అయినాక కొన్నాళ్ళు ప్రాక్టీసు. ఆ తర్వాతే పోటీ. తొందరపడితే రెండోసారి మొదటిదాని కంటే పెద్దగా తెగుతుంది."

నేను అవన్నీ చీటీ మీద రాసుకున్నాను. ఆ చీటీ ఇప్పటికీ ఉంది.

ఆ సాయంత్రమే చెల్లెల్ని బస్సులో ఆళ్ళగడ్డకు తీసుకుపోయాను. కాలు చాపుకోడానికి వెనక సీటు మొత్తం ఇచ్చారు. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె నా భుజం గిల్లేది. ఇంటికి చేరేసరికి అమ్మ అప్పటికే పక్క వీధి మామకు కబురు పెట్టింది. ఆయన పాత పహిల్వాను. ఊళ్ళో ఎవరికి చెయ్యి బెణికినా కాలు పట్టినా ఆయనే నూనె పెట్టి రుద్దేవాడు. మా వాళ్ళకు ఒంట్లో ఉండేదంతా నరమే.

"నరం తప్పింది. వేడి నూనె పెట్టి నాలుగు పట్లు పడితే పొద్దున్నకు లేచి దుంకుతాది," అన్నాడు మామ, చేతులు రుద్దుకుంటూ.

"వద్దు మామా. లోపల ఇంకా నెత్తురు కారతాంది. రుద్దితే ఎక్కువ కారతాది. ఐసు పెట్టల్ల, గుడ్డ కట్టల్ల, కాలు ఎత్తులో పెట్టల్ల."

"ఐసా? చలికాలంలోనా? అమ్మాయిని చంపుతావా ఏందీ?" అని అమ్మ వైపు తిరిగాడు. "అక్కా, పుస్తకం సదివి నరం సరిజేసేటోణ్ణి నేను యాడా సూళ్ళేదు."

"ఇప్పుడు సూడు మామా" అన్నాను.

సోడా షాపువాడి దగ్గర రంపపు పొట్టులో దాచిన ఐసు తెచ్చి, గోనెగుడ్డలో కొట్టి, తువ్వాల్లో చుట్టి పెట్టాను. మూడు రోజులు అదే పని. మూడో రోజుకు నీలం రంగు తొడ వెనకనుంచి మోకాలి మడత దాకా దిగింది. అమ్మ ఏడ్చింది. "అది మంచిదేమా, నెత్తురు బయటికొస్తాంది, డాక్టరు ముందే చెప్పినాడు" అన్నాను. వారానికి ఆ రంగు ఆకుపచ్చయి, పసుపయి, పోయింది. మామ వచ్చి చూసి ఒక బీడీ కాల్చుకుని పోయాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

తర్వాతి దశ గురించి పుస్తకంలో చదివింది చెల్లెలికి కథలా చెప్పేవాణ్ణి. తెగిన చోట కొత్త పోగులు పుడతాయి. అవి మొదట గడ్డివామి లాగా ఎటుబడితే అటు పడి ఉంటాయి, బలం ఉండదు. నొప్పి రానంత మేరకు మెల్లగా కదిలిస్తూ ఉంటే లాగే దిక్కుకు సర్దుకుంటాయి. అసలు కదపకపోతే బిగుసుకుపోతాయి, ఎక్కువ కదిపితే మళ్ళీ తెగుతాయి. ఆ తర్వాతది ఇంకా పొడుగు దశ, ఆ పోగులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. పైకి ఏమీ తెలీదు. మనిషి మామూలుగా నడుస్తాడు, నవ్వుతాడు, లోపల మాత్రం కండ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

"పచ్చి గోడ మాదిరి" అంది చెల్లెలు.

"అంతే. పైన సున్నం కొట్టినామని ఆనుకుంటే పడుతుంది."

రోజూ బోర్లా పడుకుని మడమ పైకి మడిచేది. తర్వాత కాలికి చిన్న ఇసుక మూట కట్టుకుని మడిచేది. వారం వారం నేను నంద్యాల నుంచి వచ్చి, రెండు కాళ్ళూ ఎన్నిసార్లు మడుస్తాయో లెక్కపెట్టేవాణ్ణి. మొదట మంచి కాలు ఇరవై, చెడ్డ కాలు ఆరు. తర్వాత పదకొండు. తర్వాత పదిహేను. గోడమీద గీతల మధ్య దూరం మొదట నాలుగు వేళ్ళకు పైనే ఉండేది, తర్వాత మూడు, రెండు. నాయన పొలం నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండానే గోడ దగ్గరికి పోయి వేళ్ళు పెట్టి చూసుకునేవాడు. తర్వాతే అన్నం.

నాలుగో ఆదివారం చర్చిలో అమ్మ ఆమెను సాక్ష్యానికి నిలబెట్టింది. మేము క్రైస్తవులం. జబ్బు తగ్గినవాళ్ళు ఆరాధనలో లేచి, దేవుడు తమకు చేసిన మేలు పదిమందికీ చెప్పడం మాలో ఉంది. అమ్మ మొక్కుకుంది. చెల్లెలు లేచి, ముసుగు సర్దుకుని, "నా కాలును ప్రభువు ముట్టి బాగుచేసినాడు. నాకిప్పుడు నొప్పి లేదు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. ముసలమ్మలు ఆమె తల నిమిరారు. నేను కూడా స్తోత్రం అన్నాను. నాలుగు వారాలకు ఆ కండ ఏ దశలో ఉంటుందో ఆ చర్చిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బయటికి వచ్చాక పాస్టరు అయ్యగారు మా అమ్మతో మెల్లగా అన్నాడు. "దేవుడు నిదానంగా గూడా బాగుచేస్తాడమ్మా. డాక్టరు ఏం చెప్పినాడో అది ఇనండి." అమ్మ తలూపింది. విన్నదో లేదో తెలీదు.

ఆ వారం చెల్లెల్ని నంద్యాలకు తీసుకుపోయి గ్రౌండులో దింపాను. మెల్లగా పరుగెత్తింది, బాగుంది. రెండు రోజులకు సగం వేగం, బాగుంది. ఐదో వారంలో ముప్పావు. శుక్రవారం సూటి దారిలో అరవై మీటర్లు గట్టిగా పరుగెత్తమని గడియారం పట్టుకున్నాను. ఎప్పటికంటే ఆలస్యంగా వచ్చింది. ప్రాక్టీసు లేక అనుకున్నాను. వంపులో పరుగెత్తించలేదు. పోటీలు పైవారమే, ఇప్పుడు అలిసిపోతే ఎట్లా అనుకున్నాను. డాక్టరు చీటీలో "వంపులో గూడా" అన్న మాట కింద నేనే గీత గీసి ఉన్నాను.

"నొప్పి ఉండాదా?" అని అడిగాను.

"లేదన్నా" అంది.

ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో అప్పుడే గమనించాల్సింది.

సారు నన్ను పిలిచాడు. అందరి ముందూ నన్ను డాక్టరు అని ఎగతాళి చేసేవాడు గానీ ఆ రోజు నవ్వలేదు. "ఏందప్పా డాక్టరు, ఏమంటాంది నీ పుస్తకం? సోమవారం బస్సు. నువ్వు సరేనంటే పేరు ఉంచుతా, కాదంటే కొట్టేస్తా. నాకు తెలీదు, నువ్వు చదివినోడివి."

జీవితంలో మొదటిసారి ఒక చదువుకున్న మనిషి నా మాట మీద ఒక నిర్ణయం పెట్టాడు. "ఆదివారం చూసి చెప్తా సార్" అన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక ముందుగదిలో అందరూ చేరారు. నాయన గుమ్మంలో, అమ్మ గోడ వారగా, అమ్మతో వచ్చిన ఇద్దరు సంఘపు ఆడవాళ్ళు, తడికె దగ్గర పహిల్వాను మామ. చెల్లెలు బండల మీద పడుకుంది. తొడ వెనక నొక్కాను.

"నొప్పి?"

"లేదు."

ఇసుక మూట కట్టి మడిపించాను. మంచి కాలు ఇరవై. చెడ్డ కాలు పద్దెనిమిది దాకా బాగా వచ్చింది, చివరి రెండూ వణికాయి. ఇరవై అని లెక్కపెట్టాను.

"ఇరవై!" అన్నాడు మామ. "రైలింజను మాదిరి ఉండాది. కానీయప్పా."

గోడ దగ్గరికి జరిగింది. మంచి కాలు ఎత్తింది, మడమ పాత గీతకు సరిగ్గా తాకింది. కుడి కాలు ఎత్తింది. వస్తూ వస్తూ, గీతకు ఒక వేలెడు కింద ఆగింది. ఆమె గడ్డం బిగుసుకుంది. తర్వాత మడమ మళ్ళీ లేచింది, గీతను తాకింది. ఆ లేచే క్షణంలో మోకాలు కొద్దిగా వంగింది. మోకాలు వంచితే ఎవరి మడమైనా లేస్తుంది. వెనక కండ సాగాల్సిన పని ఉండదు.

నేను చూశాను. ఆమె కళ్ళు పైకప్పు మీద కాదు, నా మీద ఉన్నాయి. బతిమాలుతోందనుకున్నాను. నన్ను పోనీ అన్నా అంటోందనుకున్నాను.

గీత గీశాను. రెండు గీతలూ ఒకటయ్యాయి.

"దేవునికి స్తోత్రం" అంది అమ్మ. నాయన వచ్చి గోడమీద వేళ్ళు పెట్టాడు, మధ్యలో పెట్టడానికి వేలు పట్టలేదు. ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

పోటీలు జరిగిన పెద్ద స్టేడియంలో మొదటి విడత పరుగులో ఆమెది మూడో లైను. తుపాకీ పేలింది. బాగా లేచింది. వంపులో ఇద్దర్ని దాటింది. నేను కంచె పట్టుకుని అరుస్తున్నాను. వంపు దాటి సూటి దారిలోకి వస్తూ, ఎక్కడ ఆమె పాదాలు నేలకు ఆనవనిపించేదో సరిగ్గా అక్కడ, ఆమె గాలిలోనే ఆగినట్టయి, నిలువునా పడిపోయింది. ఈసారి తొడ పట్టుకోలేదు. నేల పట్టుకుంది. మిగిలినవాళ్ళు ఆమెను దాటి పోయారు.

అక్కడి డాక్టరు నొక్కుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆయన చెప్పకముందే నాకు కనిపించింది. తొడ వెనక ఒక పల్లం, దానికింద ఉండలా చేరిన కండ. నా పుస్తకంలో బొమ్మ ఉంది, ఆ పేజీ నాకు కంఠస్థం.

"ఇది మూడో డిగ్రీ. ముందు తగిలిన దెబ్బ మానకముందే ఎవరు పరుగెత్తమన్నారు?" అన్నాడు ఆయన.

సారు నా వైపు చూశాడు. ఇంటికి పోయేదాకా, ఆ తర్వాత నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఆ సంగతి ఎత్తలేదు. నన్ను మళ్ళీ డాక్టరు అని కూడా పిలవలేదు.

నెలల తరబడి కట్టుతో, కర్రతో గడిచింది. నడక వచ్చింది. పరుగు రాలేదు. పరుగెత్తబోతే ఆ కాలు సగం అంగలో వెనక్కి లాక్కునేది. వయసు దాటిపోయింది. కాలేజీ మానేసి కుట్టుపని నేర్చుకుంది. కుట్టుమిషను ఎడమ కాలితోనే తొక్కేది. నేను పుస్తకాన్ని లైబ్రరీకి ఇచ్చేశాను. "ఏమప్పా, పూర్తయిందా?" అన్నాడు లైబ్రేరియన్. అయిందన్నాను. తర్వాత చాలా కాలం అటు పోలేదు.

అమ్మ మాత్రం దేవుణ్ణి గానీ నన్ను గానీ ఒక్క మాట అనలేదు. ఏటా నాయన ఇంటికి సున్నం కొట్టేవాడు. ఆ గీతలు ఒక పూతకు పోయాయి.

ఐదారేళ్ళ తర్వాత, ఆమె పెళ్ళయి బిడ్డ తల్లి అయ్యాక, ఒక మధ్యాహ్నం ఆ ముందుగదిలోనే ఇద్దరం కూర్చుని ఉన్నాం. బిడ్డ బండల మీద బోర్లా పడుకుని కాళ్ళు ఆడిస్తోంది. చెల్లెలు గుండీలు కుడుతూ, తలెత్తకుండా అడిగింది.

"అన్నా, ఆ పొద్దు నా మోకాలు వంగింది. నువ్వు సూసినావు కదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "సూసినా."

"నేను కావాలనే వంచినా. నీకు కనపడల్లని."

నాకు అర్థం కాలేదు. దారం కొరికి, బిడ్డ వైపు చూస్తూ అంది.

"నొప్పి ఉన్నిందన్నా. శుక్రవారం నుంచీ ఉన్నింది. చర్చిలో అందరి ముందరా లేదని సెప్పినాక మళ్ళీ ఉందని అమ్మకు యాడ సెప్పేది? దేవుని మాట అబద్ధం జేసినట్టు గాదా? నువ్వైతే పుస్తకం సదివినోడివి. నువ్వు కాదంటే ఎవురూ ఏమీ అనరు. నువ్వు సూసి, కాదంటావని వంచినా."

గుండీ పెట్టె మూత పెట్టింది. బిడ్డను ఎత్తుకోడానికి లేచింది. ఎప్పుడూ లేచినట్టే, ముందు ఎడమ కాలు ఊని, కుడి కాలును తర్వాత తెచ్చుకుంటూ లేచింది.